బీరువా బిల్లులో ఆ 1,800 ఎవరివి?

ఉక్కు బీరువాలు తయారుచేసే ఒక చిన్న యూనిట్‌ను లెక్క కోసం ఊహించుకుందాం. విజయవాడ ఆటోనగర్‌లోనో, హైదరాబాద్ జీడిమెట్లలోనో ఉందనుకోండి. నెలకు 200 బీరువాలు చేసి ఫర్నిచర్ డీలర్లకు అమ్ముతుంది. డీలరుకు వేసే బిల్లులో ఒక్కో బీరువా 11,800 రూపాయలు. బ్యాంకు రుణం కోసం ప్రాజెక్టు రిపోర్టు రాయించే రోజున యజమాని నోట మొదట వచ్చే అంకె అదే. రిపోర్టు తయారుచేసేవారు దాన్ని 200తో, ఆపైన 12తో హెచ్చవేస్తారు. ఏడాది అమ్మకాలు 2 కోట్ల 83 లక్షల 20 వేలు అని ఎక్సెల్ షీటులో మొదటి వరుస పడిపోతుంది. ఆ ఒక్క వరుసలోనే 43 లక్షల 20 వేల రూపాయలు ఎక్కువ ఉన్నాయి.

ఉక్కు ఫర్నిచర్ మీద జీఎస్టీ 18 శాతం. 2025 సెప్టెంబరు 22న శ్లాబులు మారినప్పుడు చాలా వస్తువుల రేటు తగ్గినా దీని రేటు అలాగే ఉంది. అంటే 11,800లో బీరువా ధర 10,000 మాత్రమే. మిగతా 1,800 ప్రభుత్వానిది. దాన్ని డీలరు దగ్గర వసూలు చేసి అప్పజెప్పే పని యూనిట్‌ది. పెద్ద కంపెనీలు పాటించే అకౌంటింగ్ ప్రమాణం ఇండ్ ఏఎస్ 115 కూడా ఇదే చెబుతుంది: వేరొకరి తరఫున వసూలు చేసిన సొమ్ము రాబడిలోకి రాకూడదు. కాబట్టి ఈ యూనిట్ నెల రాబడి 20 లక్షలు, ఏడాదికి 2 కోట్ల 40 లక్షలు.

పన్నును విడదీసేటప్పుడు జరిగే పొరపాటు ఒకటుంది. 11,800లో 18 శాతం తీసేస్తే 2,124 పోయి ధర 9,676 అవుతుంది. అది తప్పు. 18 శాతం వేసింది 10,000 మీద, 11,800 మీద కాదు. పన్ను కలిసిన మొత్తం నుంచి పన్నును బయటికి తీయాలంటే 118తో భాగించి 18తో హెచ్చవేయాలి. షీటులో B5 గడిలో బిల్లు మొత్తం, B3 గడిలో రేటు ఉంటే సూత్రం ఇలా ఉంటుంది:

```
=B5*B3/(1+B3)
```

ఇప్పుడు ఖర్చుల వైపు చూద్దాం. నెలకు సీఆర్ షీటు, తాళాలు, పౌడర్ కోటింగ్ రంగు వగైరా 12 లక్షలు. వీటి మీద కూడా 18 శాతం పడుతుంది కాబట్టి సరఫరాదారుల బిల్లులు 14 లక్షల 16 వేలు. జీతాలు, కరెంటు, ఇతర ఖర్చులు కలిపి అయిదున్నర లక్షలు. వీటి మీద జీఎస్టీ లేదనుకుందాం. జీతాల మీద ఎలాగూ లేదు, కరెంటుకు జీఎస్టీ నుంచి మినహాయింపు ఉంది. సరుకు కొన్నప్పుడు కట్టిన 2 లక్షల 16 వేలను, అమ్మినప్పుడు వసూలు చేసిన 3 లక్షల 60 వేలలోంచి మినహాయించుకోవచ్చు. దీన్నే ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్ అంటారు. మిగిలిన లక్షా 44 వేలు నెలనెలా ఖజానాకు కట్టాలి.

పన్ను లేకుండా లెక్క కడితే 20 లక్షల్లోంచి 12, ఆపైన అయిదున్నర పోగా నెల లాభం రెండున్నర లక్షలు. రెండు వైపులా పన్ను కలిపి లెక్క కడితే 23.60 లోంచి 14.16, 5.50 పోగా 3 లక్షల 94 వేలు కనిపిస్తుంది. తేడా సరిగ్గా ఆ లక్షా 44 వేలే. అంటే ఖజానాకు కట్టాల్సిన సొమ్ము లాభమై కూర్చుంది. నెలకు 2 లక్షల రుణ వాయిదా ఉందనుకోండి. అసలు లాభం వాయిదాకు ఒకటింబావు రెట్లు. తప్పు షీటులో దాదాపు రెండు రెట్లు. బ్యాంకు అధికారి మొదట చూసే నిష్పత్తి ఇదే. ఒకటింబావు దగ్గర ఆయన ఆచితూచి అడుగు వేస్తారు, రెండు దగ్గర తేలిగ్గా సంతకం పెడతారు. రుణం అంత సులువుగా వచ్చినందుకు సంబరపడే యజమానే, ఆ తర్వాత ప్రతి నెలా లేని లక్షా 44 వేల కోసం వెతుక్కోవాల్సి వస్తుంది.

ఇంకా ప్రమాదకరమైన రూపం మరొకటి ఉంది. అమ్మకం ధర డీలర్ల ధరల పట్టీ నుంచి తీసుకుంటారు, అందులో పన్ను కలిసే ఉంటుంది. సరుకు ఖర్చు అకౌంట్ల పుస్తకం నుంచి తీసుకుంటారు, అందులో పన్ను విడిగా పోయి ఉంటుంది. అప్పుడు నెల లాభం 6 లక్షల 10 వేలని తేలుతుంది. రెండు అంకెలూ వాటి వాటి చోట నిజమైనవే. ఎవరు ప్రశ్నించినా కాగితం చూపించవచ్చు. అందుకే షీటులో ప్రతి ధర పక్కనా అది పన్నుతోనా, పన్ను లేకుండానా అని రాసి ఉంచాలని నేను పట్టుబడతాను. దానికి ఒక అదనపు గడి చాలు.

పాత అంకెల మీద ఆధారపడి ముందు సంవత్సరాల అంచనా వేసేవారికి ఇక్కడ ఒక మాట. 2017 జూలై 1న జీఎస్టీ రాకముందు తయారీ కంపెనీల అమ్మకాల అంకెలో ఎక్సైజ్ సుంకం కలిసి ఉండేది, ఎందుకంటే అది అమ్మకం మీద కాక తయారీ మీద పడే సుంకం. జీఎస్టీ వచ్చాక అమ్మకాలను పన్ను లేకుండా చూపడం మొదలైంది. అందుకే 2017-18 ఫలితాల కింద ఎన్నో లిస్టెడ్ కంపెనీలు ముందటేడాది అంకెలతో వీటిని పోల్చకూడదని నోటు పెట్టాయి. ఆ నోటు చదవకుండా రెండేళ్ల అమ్మకాలను పక్కపక్కన పెట్టి వృద్ధి రేటు కడితే, వ్యాపారం పెరిగినా తగ్గినట్టు కనబడుతుంది.

లాభనష్టాల పట్టీలోంచి పన్నును తీసేశాం కదా, పని అయిపోయిందనుకుని చాలామంది అక్కడ ఆగిపోతారు. నగదు పట్టీలో కూడా పన్నును మరచిపోతారు. నా దృష్టిలో ఇది మొదటిదానికంటే లోతైన పొరపాటు, ఎందుకంటే ఈ షీటులో లాభం సరిగ్గానే ఉంటుంది, పైపైన చూసే ఆడిటర్‌కు కూడా తప్పు దొరకదు. కానీ డీలరు ఇచ్చే చెక్కు 10,000కు కాదు, 11,800కు. షీటు సరఫరాదారుకు పోయేది కూడా పన్నుతో కలిపే. బ్యాంకు ఖాతాలోకి వచ్చే, పోయే ప్రతి రూపాయిలో పన్ను ఉంటుంది. లాభంలో లేని పన్ను నగదులో ఉండి తీరాలి.

తేదీలు పెట్టి చూస్తే దీని బరువు తెలుస్తుంది. యూనిట్ ఏప్రిల్‌లో మొదలైంది. డీలర్లు రెండు నెలల అరువు మీద కొంటారు, కాబట్టి ఏప్రిల్ బిల్లుల డబ్బు జూన్‌లో వస్తుంది. సరుకు ఇచ్చినవారికి నెల తర్వాత చెల్లించాలి. యూనిట్ నెలవారీ రిటర్ను వేస్తుందనుకుందాం. ఏప్రిల్ పన్ను మే 20 లోగా జీఎస్టీఆర్-3బీతో పాటు కట్టాలి. సరుకు అమ్మేవారికి చట్టం చూసేది బిల్లు వేసిన నెలనే, డబ్బు చేతికొచ్చిన నెలను కాదు. డీలరు ఇంకా చెల్లించలేదు అన్న మాట అక్కడ చెల్లదు. ఆలస్యమైతే ఏడాదికి 18 శాతం చొప్పున వడ్డీ పడుతుంది.

ఏప్రిల్‌లో జీతాలు, కరెంటు కింద 5.50 లక్షలు బయటికి పోతాయి, లోపలికి ఏమీ రాదు. మేలో సరఫరాదారులకు 14.16, జీతాలు వగైరా 5.50, ఏప్రిల్ పన్ను 1.44, మొత్తం 21.10 లక్షలు పోతాయి. అప్పటికీ డీలర్ల నుంచి పైసా రాలేదు. రెండు నెలలు కలిపి 26.60 లక్షలు చేతిలో ఉండి తీరాలి. జూన్‌లో మొదటిసారి 23.60 వస్తుంది, 21.10 పోతుంది, రెండున్నర లక్షలు మిగులుతాయి. అక్కడి నుంచి ప్రతి నెలా నగదు మిగులూ లాభమూ ఒకటే. షీటు సరిగ్గా కట్టారనడానికి ఇదొక గుర్తు: అమ్మకాలు, అరువు గడువులు నిలకడగా ఉన్న నెలల్లో వాయిదాలు లెక్కించకముందు ఈ రెండూ కలవాలి.

పన్నును పూర్తిగా వదిలేసిన షీటులో ఇదే లెక్క ఎలా ఉంటుంది? ఏప్రిల్‌లో 5.50, మేలో 17.50, మొత్తం 23 లక్షలు చాలంటుంది. 3 లక్షల 60 వేలు తక్కువ. యజమాని 23 లక్షలకే వర్కింగ్ క్యాపిటల్ అడుగుతాడు, బ్యాంకు అంతే ఇస్తుంది, మే 20 నాటికి పన్ను కట్టడానికి డబ్బు ఉండదు. వ్యాపారం లాభంలో ఉండగానే వడ్డీతో మొదటి రిటర్ను వేయాల్సి వస్తుంది.

జీఎస్టీ వల్ల వ్యాపారికి కొన్నాళ్లు ఉచితంగా వాడుకునే డబ్బు చేతిలో ఉంటుందని చాలామంది అంటారు. కౌంటర్ మీద నగదుకే అమ్మే దుకాణానికి అది నిజం. ఈరోజు వసూలైన పన్ను వచ్చే నెల 20 దాకా ఆ దుకాణదారు దగ్గరే ఉంటుంది. అరువు మీద అమ్మే యూనిట్‌కు మాత్రం లెక్క తలకిందులవుతుంది. డీలరు ఇంకా ఇవ్వని పన్నును తన జేబులోంచి ముందు కట్టాలి. అందుకని ఏ వ్యాపారం మోడల్ అయినా, బిల్లుకూ వసూలుకూ మధ్య ఎన్ని రోజులో తెలియకుండా పన్ను నగదుకు మేలు చేస్తుందో కీడు చేస్తుందో చెప్పలేం.

లాభంలో లేని, నగదులో ఉన్న ఈ పన్నుకు షీటులో ఒక సొంత చోటు కావాలి. ఆస్తి అప్పుల పట్టీలో చెల్లించాల్సిన జీఎస్టీ అని ఒక ఖాతా తెరవాలి. నెల మొదట్లో ఉన్న నిల్వకు ఈ నెల వసూలు చేయాల్సిన పన్ను కలిపి, క్రెడిట్ తీసేసి, కట్టినది తీసేస్తే నెలాఖరు నిల్వ వస్తుంది. మన యూనిట్‌లో ఏప్రిల్ ఆఖరుకు అది 1.44 లక్షలు. మేలో మళ్లీ 3.60 కలిసి, 2.16 పోయి, 20న 1.44 కట్టేస్తే ఆఖరుకు మళ్లీ 1.44. నిల్వ ఎప్పుడూ ఒక నెల పన్నుకు సమానంగా ఉంటుంది. అది నెలనెలా పెరిగిపోతుంటే షీటులో ఎక్కడో కట్టడం మరచిపోయారు. అలా పేరుకుపోయిన నిల్వ నగదులో మిగులుగా కనిపిస్తుంది.

ఇప్పుడు యంత్రాల సంగతికి వద్దాం. రేకు కత్తిరించే, వంచే యంత్రాలు, రంగు వేసే బూత్ కలిపి 40 లక్షలు, వాటి మీద జీఎస్టీ 7 లక్షల 20 వేలు. యంత్రాల పన్నును జీఎస్టీలో విడతలుగా కాక ఒకేసారి క్రెడిట్‌గా తీసుకోవచ్చు. అలా తీసుకుంటే ఆ పన్ను భాగం మీద తరుగుదల కోరకూడదు. కాబట్టి మోడల్‌లో ఆస్తి విలువ 40 లక్షలు, తరుగుదల దాని మీదే. బ్యాంకు ఖాతాలోంచి పోయేది మాత్రం 47 లక్షల 20 వేలు. రుణం 40 లక్షలను చూసి లెక్క కడితే మిగతా 7.20 యజమాని తేవాలి, అదీ యంత్రం దిగిన రోజునే.

ఆ క్రెడిట్ చెక్కు రూపంలో వెనక్కి రాదు. ముందు ముందు కట్టాల్సిన పన్నులో సర్దుబాటవుతుంది. ఎగుమతులకు, కొన్న సరుకు మీద రేటు అమ్మే సరుకు రేటు కంటే ఎక్కువగా ఉన్నవారికి మిగిలిపోయిన క్రెడిట్ వాపసు ఇచ్చే దారి ఉంది. కానీ ఆ రెండో రకంలో కూడా యంత్రాల మీది క్రెడిట్ లెక్కలోకి రాదు. మన యూనిట్ ఈ రెంటిలోనూ లేదు. అందుకని షీటులో పన్ను లెక్క సున్నా కంటే కిందికి పోకుండా కాపలా పెట్టాలి. C3లో పాత క్రెడిట్ నిల్వ, C4లో అమ్మకాల పన్ను, C5లో కొనుగోళ్ల పన్ను ఉంటే, కట్టాల్సింది మొదటి వరుస, వచ్చే నెలకు మిగిలే క్రెడిట్ రెండో వరుస:

```
=MAX(0, C4-C5-C3)
=MAX(0, C3+C5-C4)
```

ఈ కాపలా లేని షీటులో ఏప్రిల్ పన్ను మైనస్ 5 లక్షల 76 వేలని వస్తుంది. మైనస్ చెల్లింపు అంటే వసూలు కాబట్టి, మేలో ప్రభుత్వమే 5.76 లక్షలు పంపినట్టు నగదు పట్టీ చూపిస్తుంది. కాపలా ఉంటే ఆ 5.76 క్రెడిట్‌గా నిలిచి, నెలకు 1.44 చొప్పున కరుగుతూ ఆగస్టుతో సున్నా అవుతుంది. సరిగ్గా 4 నెలల పన్ను.

ఇక్కడే ఒక మోసపూరితమైన పరిస్థితి ఎదురవుతుంది. మే నుంచి సెప్టెంబరు దాకా యూనిట్ ఖజానాకు ఏమీ కట్టదు. జూన్ మొదలు నాలుగు నెలలు బ్యాంకు స్టేట్‌మెంట్‌లో మిగులు నెలకు 3 లక్షల 94 వేలు కనిపిస్తుంది. తప్పు షీటు చూపిన లాభం కూడా అంతే. తప్పు లెక్కకు బ్యాంకు కాగితమే సాక్ష్యం పలికినట్టు ఉంటుంది. ఆ నాలుగు నెలలు చూసి యజమాని రెండో యంత్రానికి మాట ఇచ్చేస్తాడు, లేదా ఇంకొందరిని పనిలోకి తీసుకుంటాడు. అక్టోబరు 20న మొదటి పన్ను కట్టే రోజు వస్తుంది, మిగులు రెండున్నర లక్షలకు దిగుతుంది. వ్యాపారంలో ఏ మార్పూ లేదు, యంత్రం తెచ్చిన క్రెడిట్ అయిపోయిందంతే. అందుకే తొలి ఏడాదిని నెలలవారీగా చూపని మోడల్‌ను నేను నమ్మను. ఏడాది మొత్తంలో ఈ మలుపు కలిసిపోయి కనిపించకుండా పోతుంది.

షీటు తయారయ్యాక దాన్ని పరీక్షించడానికి ఒక తేలికైన పద్ధతి ఉంది. ధరలన్నీ పన్ను లేకుండా రాసి, రేటును ఒకే గడిలో పెట్టండి. ఆ గడిలో 18 తీసి సున్నా వేయండి. అమ్మకాలు, లాభం ఒక్క రూపాయి కూడా కదలకూడదు. నగదు పట్టీలో ఏ నెల ఎంత అనేది మాత్రమే మారాలి. లాభం కదిలిందంటే పన్ను ఎక్కడో లాభనష్టాల్లోకి కారుతోంది. తర్వాత ఆఖరి రెండు మూడు నెలల అమ్మకాలు, కొనుగోళ్లు సున్నా చేసి చూడండి. జీఎస్టీ ఖాతా నిల్వ కూడా సున్నాకు రావాలి. రాకపోతే ఎవరికీ చెందని డబ్బు షీటులో మిగిలిపోయిందని అర్థం.

మొదటి పరీక్షకు ఒక మినహాయింపు ఉంది. క్రెడిట్ దొరకని పన్ను నిజంగానే ఖర్చు, అది లాభాన్ని కదిలిస్తుంది, కదిలించాలి కూడా. ఈ యూనిట్ 30 లక్షలతో షెడ్డు కట్టించిందనుకోండి, కాంట్రాక్టరు బిల్లు మీద 18 శాతం చొప్పున 5 లక్షల 40 వేలు. సొంత భవన నిర్మాణం మీది పన్నుకు సీజీఎస్టీ చట్టం 17(5) సెక్షన్ క్రెడిట్ ఇవ్వదు. కాబట్టి షెడ్డు ఖరీదు 35 లక్షల 40 వేలు, తరుగుదల కూడా ఆ మొత్తం మీదే. అదే షెడ్డు లోపల యంత్రాన్ని నిలబెట్టే పునాదికి మాత్రం క్రెడిట్ ఉంది, దాన్ని యంత్రంలో భాగంగా చట్టం చూస్తుంది. కాంట్రాక్టరు దగ్గర రెంటికీ కలిపి ఒకే బిల్లు తీసుకుంటే ఈ తేడా నిరూపించడం కష్టం. యజమాని వాడే కారు కూడా క్రెడిట్ దొరకని జాబితాలోదే.

దొరకాల్సిన క్రెడిట్ కూడా అనుకున్న నెలలో దొరకకపోవచ్చు. సీఆర్ షీటు అమ్మినవారు తమ రిటర్నులో ఆ బిల్లు చూపిస్తేనే అది మన జీఎస్టీఆర్-2బీలో కనిపిస్తుంది, కనిపిస్తేనే వాడుకోవాలి. ఒక నెల వారు మానేస్తే 1.44కు బదులు 3.60 లక్షలు నగదుగా కట్టాలి. తర్వాత సర్దుబాటైనా, ఆ నెల కష్టం ఆ నెలదే. పెద్ద సరఫరాదారు ఒక్కరే ఉన్న యూనిట్ అయితే ఈ ఒక్క నెలను మోడల్‌లో విడిగా ఆడించి చూసుకోవడం మంచిది.

ఏడాది టర్నోవర్ కోటిన్నర దాటని చిన్న తయారీదారు కాంపొజిషన్ పథకంలో ఉంటే ఇదంతా వర్తించదు. అతను బిల్లులో పన్ను విడిగా వేయకూడదు, క్రెడిట్ తీసుకోకూడదు, టర్నోవర్ మీద 1 శాతం తన డబ్బులోంచి కట్టాలి. అతనికి వచ్చిందంతా రాబడే, కొనుగోళ్ల మీది పన్ను మొత్తం ఖర్చే.

చివరగా డీలరు డబ్బు ఎగ్గొడితే ఏమవుతుందో కూడా మోడల్‌లో సరిగ్గా ఉండాలి. వందకు రెండు బీరువాల డబ్బు రాదని అంచనా వేసి, ఒక్కోదానికి 10,000 నష్టం రాస్తారు చాలామంది. కానీ దాని మీద 1,800 పన్ను యూనిట్ ఎప్పుడో లెక్కగట్టి కట్టేసింది. సరుకు వెనక్కి వస్తే క్రెడిట్ నోటు ఇచ్చి, గడువులోగా ఆ పన్ను తగ్గించుకోవచ్చు. సరుకు రాక, డబ్బూ రాకపోతే మన జీఎస్టీ చట్టంలో ఆ పన్ను వెనక్కి తెచ్చుకునే దారి లేదు. నెలకు నాలుగు బీరువాల డబ్బు మునిగితే నష్టం 40,000 కాదు, 47,200. రాబడిలో ఎన్నడూ చేరని ఆ 7,200 ఇక్కడ మాత్రం లాభనష్టాల పట్టీలోకి ఖర్చుగా రావాలి.